ఐదు వాక్యాల ఉత్తర్వు

మూడేళ్ల కిందట బెంగళూరు పీణ్యలోని ఒక యంత్రభాగాల కర్మాగారం నుంచి హెచ్‌ఆర్ మేనేజర్ ఒక కాగితం పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. కడప జిల్లా అమ్మాయి, ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. కర్మాగారాల్లో క్రమశిక్షణ విచారణలు జరపడం నా వృత్తి. ఆ కేసులో విచారణ నేను చేయలేదు, వేరే న్యాయవాది చేశారు. విచారణ అయిపోయింది, ఇక ఉద్యోగికి ఇవ్వాల్సిన తుది ఉత్తర్వును ఒకసారి చూసిపెట్టమని ఆమె అడిగింది. కాగితంలో ఉన్నవి ఐదే వాక్యాలు.

"మీపై జరిగిన విచారణ నివేదికను పరిశీలించాం. మీపై మోపిన అభియోగాలు రుజువయ్యాయి. సంస్థకు మీ మీద నమ్మకం పోయింది. గతంలోనూ మీ ప్రవర్తన సంతృప్తికరంగా లేదు. కాబట్టి మిమ్మల్ని తక్షణం ఉద్యోగం నుంచి తొలగిస్తున్నాం."

"ఎక్కువ రాస్తే కోర్టులో ఎక్కడో ఒకచోట దొరికిపోతామని క్లుప్తంగా రాశాను సార్" అంది.

ఈ భయం కొత్తవాళ్లదే కాదు, తల నెరిసిన మేనేజర్లదీ. తక్కువ రాస్తే తక్కువ దొరుకుతామని అనుకుంటారు. కానీ ఉత్తర్వును ఉద్యోగి సవాలు చేసిన రోజున, అది రాసిన రోజున యజమాని బుర్రలో ఏముందో చూపించేది ఆ కాగితం ఒక్కటే. అందులో లేని కారణాలను తర్వాత అఫిడవిట్టులో పోగేసి చూపిస్తే కుదరదని సుప్రీంకోర్టు 1977లో మొహిందర్ సింగ్ గిల్ కేసులో చెప్పింది. పాతబడేకొద్దీ రుచి పెరగడానికి ఉత్తర్వులేమీ ద్రాక్షసారా కాదని జస్టిస్ కృష్ణయ్యర్ అందులో చమత్కరించారు. అది చట్టబద్ధ అధికారుల గురించి అన్న మాటే అయినా, ప్రైవేటు కర్మాగారం ఉత్తర్వును చదివే లేబర్ కోర్టు న్యాయమూర్తికీ కారణాలు లేని కాగితం మీద అనుమానమే కలుగుతుంది.

కేసు ఇదీ. ఉద్యోగి స్టోర్‌కీపరు, హిందూపురం వైపు మనిషి, పదకొండేళ్ల సర్వీసు, నెలజీతం 24,000. లేత్ యంత్రాలకు బిగించే కార్బైడ్ ఇన్సర్టులు ఆయన అధీనంలో ఉంటాయి. గోరంత ముక్కలు. పదేసి చొప్పున చిన్న ప్లాస్టిక్ పెట్టెలో వస్తాయి. పెట్టె చొక్కా జేబులో పడుతుంది. ముక్క ఖరీదు 450 రూపాయలు. మార్చి 14 రాత్రి షిఫ్టులో సీఎన్‌సీ విభాగానికి పన్నెండు పెట్టెలు ఇచ్చినట్టు రిజిస్టరులో ఉంది. సరుకు కావాలంటూ ఆ విభాగం ఇచ్చిన ఇండెంటు చీటీలు తొమ్మిదే. మూడు పెట్టెలు, అంటే ముప్ఫై ముక్కలు, 13,500 రూపాయల సరుకు ఏమైందో తెలియదు. 18న స్టోర్ సూపర్‌వైజరు అడిగితే మాటామాటా పెరిగింది. స్టోర్‌కీపరును సస్పెండు చేసి మూడు అభియోగాలతో ఛార్జ్‌షీటు ఇచ్చారు. మూడు పెట్టెలు దొంగిలించడం మొదటిది. చీటీలు లేకుండా రిజిస్టరులో తప్పుడు నమోదులు చేయడం రెండోది. సూపర్‌వైజరును దూషించడం మూడోది.

విచారణ అధికారి నివేదికలో ఏముందని అడిగాను. మొదటిది రుజువు కాలేదు, రెండోది రుజువైంది, మూడోదానిలో గొంతు పెంచడం వరకే రుజువైంది, దూషణ కాదు. మరి "అభియోగాలు రుజువయ్యాయి" అని ఎలా రాశావంటే, ఆమె కాసేపు మాట్లాడలేదు.

అసలు ముడి అక్కడే ఉంది. కానీ మొదటి వాక్యం దగ్గరే ఒక గొయ్యి ఉంది, ముందు దాన్ని చూడాలి.

"నివేదికను పరిశీలించాం" అన్నారు. బాగుంది. మరి ఉద్యోగి పరిశీలించాడా? నివేదిక ఆయనకు ఇవ్వలేదు. అది కంపెనీ అంతర్గత పత్రమని ఆమె అనుకుంది. ఈ విషయంలో దేశానికంతటికీ దారి చూపిన కేసు మన హైదరాబాదుదే. ఈసీఐఎల్ ఎండీకి, కరుణాకర్ అనే ఉద్యోగికి మధ్య నడిచిన వ్యాజ్యంలో 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. శిక్ష నిర్ణయించే అధికారి, విచారణ చేసిన అధికారి వేర్వేరు మనుషులైనప్పుడు, నిర్ణయించేవాడి ముందున్న అతి ముఖ్యమైన సమాచారం ఆ నివేదికే. ఉద్యోగికి తెలియని సమాచారంతో అతని నేరాన్ని తేల్చకూడదు. కాబట్టి నిర్ణయానికి ముందే నివేదిక ప్రతి ఇచ్చి, దాని మీద అతను చెప్పుకునేది వినాలి. ప్రభుత్వ సంస్థలకే కాదు, ప్రైవేటు సంస్థలకూ ఇది వర్తిస్తుందని ఆ తీర్పే చెప్పింది. ఇవ్వనంత మాత్రాన శిక్ష దానంతటదే రద్దు కాదనీ, ఇవ్వకపోవడం వల్ల ఉద్యోగికి నిజంగా నష్టం జరిగిందా అని చూడాలనీ కూడా అంది. చాలామంది యజమానులకు ఈ రెండో సగమే గుర్తుంటుంది.

అంటే తుది ఉత్తర్వుకు ముందు మరో ఉత్తరం ఉండాలి. నివేదికను జతచేసి, ఇంకా ఏ నిర్ణయానికీ రాలేదని చెప్పి, జవాబుకు గడువిచ్చే ఉత్తరం. ఆమె తెచ్చిన కాగితాన్ని పక్కన పెట్టించి, ముందు అది పంపమన్నాను. పది రోజుల గడువిచ్చారు. స్టోర్‌కీపరు తెలుగులో ఒకటిన్నర పేజీల జవాబు రాశాడు. స్టోరు తాళం చెవి తనతోపాటు పగటి షిఫ్టు మనిషి దగ్గరా ఉంటుందన్నాడు. రాత్రిపూట ఆపరేటర్లు ముందు సరుకు పట్టుకెళ్లి పొద్దున చీటీ ఇవ్వడం ఏళ్ల తరబడి నడుస్తున్న అలవాటన్నాడు. అందరి ముందూ దొంగ అన్నందుకే గొంతు పెరిగిందన్నాడు. తుది ఉత్తర్వు ఈ మూడింటికీ జవాబు చెప్పాలి. చెప్పకపోతే గడువిచ్చి జవాబు తీసుకోవడం ఉత్త తంతు.

ఇక నిర్ధారణల సంగతి. కార్యాలయ విచారణలో క్రిమినల్ కోర్టు కొలమానం అక్కరలేదు. సందేహానికి తావులేనంత రుజువు కావాలని ఎవరూ అడగరు. జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని సాక్ష్యం చూపిస్తే చాలు. కానీ సాక్ష్యం అంటూ ఉండాలి. అనుమానం ఎంత గట్టిదైనా రుజువు స్థానంలో కూర్చోలేదు. దొంగతనం ఆరోపణకు ఇక్కడ ఉన్నది అనుమానమే. ఆయన పెట్టెలు తీయడం చూసినవారు లేరు, గేటు కెమెరాలో ఏమీ లేదు, తాళం చెవి ఇద్దరి దగ్గర ఉంది. విచారణ అధికారి రుజువు కాలేదన్నది సబబే.

యజమాని దాన్ని ఒప్పుకోవాలా? ఒప్పుకోనక్కరలేదు. నివేదికతో విభేదించే అధికారం శిక్షించే అధికారికి ఉంది. అయితే మౌనంగా విభేదించకూడదు. ఏ అంశంలో, ఎందుకు విభేదిస్తున్నాడో తాత్కాలిక కారణాలుగా రాసి, వాటిని ఉద్యోగికి పంపి, అతని సమాధానం విన్నాకే తేల్చాలి. పంజాబ్ నేషనల్ బ్యాంకు, కుంజ్ బిహారీ మిశ్రా కేసులో 1998లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. మా మేనేజరు తనకు తెలియకుండానే ఆ గీత దాటింది. "అభియోగాలు" అన్న ఒక్క బహువచనంతో, రుజువు కాని దొంగతనాన్ని రుజువైనదాని పక్కన కూర్చోబెట్టింది.

అందుకే నిర్ధారణలు అభియోగానికి ఒకటి చొప్పున, విడివిడిగా ఉండాలి. ఒక్కోదాని కింద నాలుగు సంగతులు కనబడాలి. ఏం మోపారు, దానికి సాక్ష్యం ఏమిటి, ఉద్యోగి ఏమన్నాడు, ఆ మాటను ఎందుకు నమ్మారు లేదా నమ్మలేదు. చివరిదే కారణం. నేను చూసే ఉత్తర్వుల్లో మొదటి మూడూ బారెడు పొడవుంటాయి, నాలుగోది ఉండదు. సాక్షుల మాటలన్నీ ఎత్తిరాసి, చివర "పై సాక్ష్యాధారాల దృష్ట్యా రుజువైందని నిర్ధారిస్తున్నాం" అని ముగిస్తారు. దృష్ట్యా అన్న మాట కారణం కాదు. రెండో అభియోగానికి మేం కలిసి రాసిన పేరా ఇది.

"రెండో అభియోగం: మార్చి 14 రాత్రి షిఫ్టులో ఇండెంటు చీటీలు లేకుండా మూడు పెట్టెలు ఇచ్చినట్టు రిజిస్టరులో నమోదు చేశారు. ఆ మూడు నమోదులూ మీ చేతిరాతేనని విచారణలో మీరు ఒప్పుకున్నారు. వాటికి చీటీలు లేవని సీఎన్‌సీ విభాగం సాక్షి చెప్పారు, మీరు కాదనలేదు. రాత్రి షిఫ్టులో ముందు సరుకు ఇచ్చి పొద్దున చీటీ తీసుకోవడం అలవాటని, అది సూపర్‌వైజరుకూ తెలుసునని మీరు అన్నారు. మీరు అడిగిన ప్రశ్నలకు జవాబుగా సూపర్‌వైజరు దీన్ని ఒప్పుకున్నారు. కాబట్టి అలాంటి అలవాటు ఉండేదన్న మీ మాటను నమ్ముతున్నాం. అయితే పొద్దున చీటీలు రానప్పుడు ఆ సంగతి రిజిస్టరులో రాయడం గాని, సూపర్‌వైజరుకు చెప్పడం గాని మీ బాధ్యత. 18వ తేదీన అడిగేవరకు మీరు రెండూ చేయలేదు. దీనికి మీ జవాబులో వివరణ లేదు. అందువల్ల ఈ అభియోగం రుజువైందని నిర్ధారిస్తున్నాం. పాత అలవాటు సంగతిని శిక్ష నిర్ణయించేటప్పుడు లెక్కలోకి తీసుకుంటున్నాం."

ఇందులో ఉద్యోగి మాటను ఒకచోట నమ్మారు, ఒకచోట ఆయన మౌనాన్ని పట్టుకున్నారు. అంతా అతనికి వ్యతిరేకంగా నడిచే పేరా కంటే ఇలాంటిది ఎక్కువ నిలబడుతుంది. "బాధ్యతారహితంగా", "సిగ్గుమాలిన" వంటి విశేషణాలు ఒక్కటీ లేవు. కోపం వచ్చిన ఉత్తర్వు పక్షపాతానికి సాక్ష్యమవుతుంది.

మొదటి అభియోగం కింద రాసిన ఆఖరి వాక్యం మీద మాత్రం మాకు వాదన జరిగింది. "తగిన సాక్ష్యం లేనందున రుజువు కాలేదు" అని ఆమె రాసింది. అంటే దొంగతనం చేశావు కానీ దొరకలేదు అన్న వాసన అందులో ఉంది. "రుజువు కాలేదు. ఈ అభియోగాన్ని ఉపసంహరిస్తున్నాం. మీ శిక్ష విషయంలో దీన్ని ఏ రకంగానూ పరిగణించలేదు" అని మార్పించాను.

ఆ మూడో ముక్క అలంకారానికి పెట్టింది కాదు. మొదటి చిత్తుప్రతిలో మూడో వాక్యం గుర్తుందా? "సంస్థకు మీ మీద నమ్మకం పోయింది." ముందు గుమ్మంలోంచి గెంటేసిన దొంగతనం పెరటి గుమ్మంలోంచి వచ్చేది ఇలాంటి వాక్యంతోనే. నమ్మకం పోయిందన్న అభియోగం ఛార్జ్‌షీటులో లేదు. దాని మీద ఆయన సాక్షులను ప్రశ్నించలేదు, జవాబు రాయలేదు. మోపని నేరానికి శిక్ష వేయకూడదన్నది ఈ రంగంలో అ ఆ ల వంటిది. ఆ వాక్యాన్ని కొట్టేశాం.

నాలుగో వాక్యం, గత ప్రవర్తన. ఫైలు తెరిపిస్తే నాలుగేళ్ల కిందట ఆలస్యంగా వచ్చినందుకు ఇచ్చిన ఒక హెచ్చరిక పత్రం దొరికింది. అంతే. పాత రికార్డును శిక్ష పెంచడానికి వాడుకోవాలంటే, ఆ సంగతి ఉద్యోగికి ముందే చెప్పి, జవాబు చెప్పుకునే వీలివ్వాలి. ఇది కూడా మన పొరుగింటి కేసే. అప్పటి మైసూరు రాష్ట్రానికి, మంచేగౌడ అనే ప్రభుత్వోద్యోగికి మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1960ల మొదట్లోనే తేల్చింది. తనపై ప్రతిపాదించిన శిక్ష వెనుక పాత తప్పులున్నాయని తెలియని మనిషి, వాటికి అప్పటికే శిక్ష అనుభవించాననో, అవి చిన్నవనో ఎలా చెప్పుకుంటాడు? ఇక్కడ ఆలస్యానికీ రిజిస్టరు నమోదుకూ సంబంధమే లేదు. తీసేయమన్నాను. దాని స్థానంలో పదకొండేళ్లలో స్టోరు లెక్కల గురించి ఒక్క ఫిర్యాదూ లేదన్న వాక్యం చేరింది. గత రికార్డు తక్కెడకు రెండు పళ్లేలున్నాయి, హెచ్‌ఆర్ వాళ్లు తూచేది మాత్రం ఒకదానిలోనే.

ఇక శిక్ష. తప్పు తీవ్రతను, పాత రికార్డును, తీవ్రతను తగ్గించే లేదా పెంచే పరిస్థితులను లెక్కలోకి తీసుకోవాలని కర్మాగారాల్లో పని షరతులు, క్రమశిక్షణ నియమాలను నిర్దేశించిన 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనలే చెప్పాయి. ఈ కంపెనీ సొంత స్టాండింగ్ ఆర్డర్లలోనూ ఆ మాటలే ఉన్నాయి. తొలగింపు ఎందుకు తగదో రాస్తూ పోతే దానంతటదే తేలింది. మిగిలిన నేరం చీటీలు రాలేదని చెప్పకపోవడం, ఒకసారి గొంతు పెంచడం. అదే అలవాటును చూసీ చూడనట్టు ఊరుకున్న సూపర్‌వైజరుకు ఎలాంటి చర్యా లేదు. పదకొండేళ్ల సర్వీసున్న మనిషిని ఇందుకు వీధిన పడేస్తే, పారిశ్రామిక వివాదాల చట్టంలో 1971లో చేర్చిన 11ఎ సెక్షన్ కింద లేబర్ కోర్టు ఆ శిక్షను తీసి తనకు తోచిన చిన్న శిక్ష వేయగలిగేది, పనిలోకి తీసుకోమని కూడా అనగలిగేది.

చివరికి ఒక ఇంక్రిమెంటు ఆపాలని వర్క్స్ మేనేజరు నిర్ణయించారు. "ఒక వార్షిక ఇంక్రిమెంటును నిలుపుదల చేస్తున్నాం" అని రాసుకొచ్చింది మా మేనేజరు. ఈ ఒక్క వాక్యంలో రెండు వేర్వేరు శిక్షలు దాక్కుని ఉన్నాయి. ఆయన ఇంక్రిమెంటు నెలకు 1,200. ఏడాదిపాటు ఆపి, ఆ తర్వాత మామూలు మెట్టుకు తెస్తే ఆయన పోగొట్టుకునేది 14,400 రూపాయలు. అలా కాకుండా ఆ మెట్టును శాశ్వతంగా తీసేస్తే, నలభై ఒకటో ఏట ఉన్న ఆయనకు యాభై ఎనిమిదో ఏట రిటైరయ్యేదాకా, పదిహేడేళ్లకు 2,44,800. దాంతోపాటు పీఎఫ్, గ్రాట్యుటీ తగ్గేది వేరే. రెండోదాన్ని కోర్టులు పెద్ద శిక్షగానే చూస్తాయి. రెండింటిలో ఏ శిక్షో ఉత్తర్వు చెప్పకపోతే జీతాల విభాగం తనకు తోచింది చేస్తుంది, ఉద్యోగికి పదేళ్ల తర్వాత ఎప్పుడో తెలుస్తుంది. అందుకని ఇలా రాశాం: "వచ్చే ఏప్రిల్ 1న రావాల్సిన ఇంక్రిమెంటును పన్నెండు నెలలపాటు ఆపుతున్నాం. గడువు ముగిశాక అది మీ జీతంలో కలుస్తుంది. తర్వాతి ఇంక్రిమెంట్లపై దీని ప్రభావం ఉండదు." గొంతు పెంచినందుకు విడిగా ఒక హెచ్చరిక.

చిత్తుప్రతి రెండో వెర్షన్‌లో మరో వాక్యం ఎక్కడినుంచో వచ్చి చేరింది. పోయిన సరుకు విలువ 13,500 జీతంలోంచి కోసుకుంటామట. అకౌంట్స్ వారి కోరిక. పెట్టెలు ఆయన తీశాడని రుజువు కాలేదని ఒక పేజీలో రాసి, వాటి ఖరీదు ఆయన దగ్గరే వసూలు చేస్తామని మరో పేజీలో రాస్తే, మొదటి పేజీ అబద్ధమైపోతుంది. నష్టానికి జీతం కోయాలంటే అది నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే జరిగిందని చూపించాలి, ముందుగా సంజాయిషీ అడగాలి. ఇక్కడ రెండూ లేవు.

సస్పెన్షన్ రోజుల మాట ఉత్తర్వుల్లో తరచూ మరిచిపోతారు. ఆయన నలభై రోజులు బయట ఉన్నాడు, సగం జీతం చొప్పున 16,000 జీవనభృతి అందుకున్నాడు. తొలగింపు లేని శిక్ష పడినప్పుడు ఆ రోజులను పనిచేసినట్టే లెక్కించాలని ఆ కంపెనీ నిబంధనల్లో ఉంది. అంటే మిగతా 16,000 ఇవ్వాలి. ఏ నెల జీతంతో ఇస్తారో కూడా ఉత్తర్వులోనే రాయించాం. లేకపోతే ఆ డబ్బు కోసం ఆయన మళ్లీ కాగితాలు పట్టుకు తిరగాలి.

అప్పీలు హక్కును చాలామంది చివరి వరుసలో, "మీరు కావాలంటే అప్పీలు చేసుకోవచ్చు" అని పడేస్తారు. ఎవరికి, ఎన్ని రోజుల్లో, ఏ చిరునామాకు, ఏ భాషలో అన్నది లేకపోతే అది హక్కు కాదు, మర్యాద. ఇక్కడ ముందుగా సంతకం చిక్కు వచ్చింది. తుది ఉత్తర్వు మీద ఎండీ గారే సంతకం పెడతానన్నారు, బరువుగా ఉంటుందని. ఆయన పెడితే అప్పీలు వినడానికి ఆయన పైన ఇంకెవరున్నారు? తాను వేసిన శిక్ష మీద తానే అప్పీలు వింటే అది పేరుకే అప్పీలు. అందుకే ఈ పేరా గురించి ఆఖర్న కాదు, మొట్టమొదట ఆలోచించాలంటాను. అప్పీలు ఎవరు వింటారో ముందు తేల్చుకుని, ఆ మనిషిని విచారణకూ శిక్షకూ దూరంగా ఉంచాలి. సంతకం వర్క్స్ మేనేజరుది, అప్పీలు డైరెక్టరుకు అని నిర్ణయించారు.

గడువు 21 రోజులు. కేంద్ర నమూనా నిబంధనల్లోని అంకె అదే, ఈ కంపెనీదీ అదే. ఉత్తర్వు తేదీ నుంచి కాదు, ఉద్యోగికి అందిన తేదీ నుంచి. ఆయన అప్పటికి ఊళ్లో ఉన్నాడు. ఉత్తర్వు మీద మూడో తేదీ వేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే తొమ్మిదో తేదీన అందింది. తేదీ నుంచి లెక్కపెట్టి ఉంటే ఆరు రోజులు తపాలా సంచిలోనే గడిచిపోయేవి. అప్పీలు తెలుగులో రాసినా తీసుకుంటామని, డైరెక్టరు ఆయన్ను పిలిచి వింటారని, అప్పీలు చేసినందుకు శిక్ష పెంచబోమని కూడా రాశాం. ఆఖరిది తప్పనిసరి అని నేను అనను. కానీ అది లేకపోవడం వల్లే భయపడి అప్పీలు మానుకున్నవాళ్లను చూశాను.

ఉత్తర్వు ఇంగ్లిషులో ఉంది, దానికి తెలుగు ప్రతి జతచేశారు. ప్రతులు ఎవరెవరికి అన్న చోట మొదట ఆరుగురి పేర్లున్నాయి, సీఎన్‌సీ విభాగం అధిపతితో సహా. దొంగతనం ఆరోపణ ఉన్న కాగితం ఆరుగురి బల్లల మీదికి వెళ్తే, రుజువు కాలేదన్న మాట వెనకబడి ఆరోపణే ముందు ఊరేగుతుంది. వ్యక్తిగత ఫైలుకు ఒకటి, జీతాల విభాగానికి శిక్ష పేరా వరకు ఒకటి. అంతకుమించి వద్దన్నాను.

ఇదంతా అన్ని ఉద్యోగాలకూ ఒకేలా వర్తించదని చెప్పాలి. 2025 నవంబర్ 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, పారిశ్రామిక వివాదాల చట్టం రెండూ పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కలిసిపోయాయి, స్టాండింగ్ ఆర్డర్ల అధ్యాయం 300 మందికి తగ్గని సంస్థలకే వర్తిస్తుంది. కర్ణాటకలో ఐటీ కంపెనీలకు పాత చట్టం నుంచి షరతులతో మినహాయింపు ఉండేది. అక్కడ అప్పీలు గడువు కంపెనీ సొంత విధానంలో ఎంత రాసి ఉంటే అంతే. లైంగిక వేధింపుల ఫిర్యాదయితే 2013 చట్టం దారి వేరు. అంతర్గత కమిటీ నివేదికను ఇరుపక్షాలకూ అందుబాటులో ఉంచాలి, యజమాని అరవై రోజుల్లో చర్య తీసుకోవాలి, అప్పీలుకు తొంభై రోజులు. పైగా గోప్యత ఆ చట్టంలో మర్యాద కాదు, ఉల్లంఘిస్తే జరిమానా. అంకెలు మారతాయి. అభియోగానికి ఒక నిర్ధారణ, నిర్ధారణకు ఒక కారణం, కారణానికి మించని శిక్ష అన్న వరుస మాత్రం వీటన్నిటిలోనూ అదే.

స్టోర్‌కీపరు ఉత్తర్వు తీసుకుని మర్నాడే పీణ్య వచ్చాడట. మా మేనేజరు బల్ల ముందు నిలబడి, "మేడం, దొంగతనం నేను చేయలేదని ఇందులో ఎక్కడుంది?" అని అడిగాడట. ఆమె తెలుగు ప్రతిలో ఆ వరుస మీద వేలు పెట్టి చూపించింది. రుజువు కాలేదు, ఉపసంహరిస్తున్నాం. ఆయన రెండుసార్లు చదువుకుని వెళ్లాడు.

పంతొమ్మిదో రోజున అప్పీలు వచ్చింది. ఇంక్రిమెంటు గురించి అందులో ఒక్క మాటా లేదు. హెచ్చరిక తీసేయమన్నాడు. అందరి ముందూ దొంగ అన్నప్పుడు గొంతు పెరగని మనిషి ఉంటాడా అని ప్రశ్నించాడు. రెండో కోరిక ఒకటుంది. ఊళ్లో ఈ సంగతి పాకిపోయింది కాబట్టి, మొదటి అభియోగం నిర్ధారణ ఒక్కటే కంపెనీ లెటర్‌హెడ్ మీద, తెలుగులో, విడిగా రాసి ఇవ్వమన్నాడు. డైరెక్టరు ఆయన్నూ సూపర్‌వైజరునూ పిలిచి విన్నారు. దొంగ అన్న మాట సూపర్‌వైజరు వాడినట్టు ఇద్దరు సాక్షుల వాంగ్మూలాల్లోనూ ఉందని, శిక్ష వేసిన అధికారి దాన్ని పట్టించుకోలేదని రాసి హెచ్చరికను రద్దు చేశారు. ఇంక్రిమెంటు ఆపడాన్ని అలాగే ఉంచి, ఎందుకో అర పేజీలో చెప్పారు. లెటర్‌హెడ్ మీద ఆ నాలుగు వరుసల తెలుగు మాత్రం మా మేనేజరే రాసింది. ఈసారి నాకు చూపించలేదు.